రాత్రి డ్యూటీ చేసే మనిషికి కొంటె మెసేజ్ ఏ వేళకు పంపాలి?

నాకు తరచుగా వచ్చే ప్రశ్న ఒకటే, అడిగే మాటలు మాత్రం మారుతుంటాయి. "ఆమెది నైట్ డ్యూటీ, నాది పగటి ఉద్యోగం. మెసేజ్ పెడితే విసుక్కుంటోంది, పెట్టకపోతే మరిచిపోయావా అంటోంది. అసలు ఎప్పుడు పెట్టమంటారు?" అని అబ్బాయిలు అడుగుతారు. భర్త రాత్రి డ్యూటీలో ఉండే ఆడవాళ్ళూ ఇదే అడుగుతారు. నేను విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ఆసుపత్రి ఐసీయూలో ఆరేళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. నెలలో కనీసం ఒక వారం రాత్రి డ్యూటీ పడేది. అప్పటికి నాకు కాబోయే భర్త, ఇప్పటి మా ఆయన, గుంటూరులో పగటి ఉద్యోగం చేసేవారు. అందువల్ల ఇలాంటి మెసేజ్‌లు పంపినవారి వైపు నుంచి కాకుండా, అందుకున్న మనిషిగా ఇది రాస్తున్నాను.

రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు పనిచేసే నర్సును ఉదాహరణగా తీసుకున్నాను. ఇతర ఉద్యోగాలకు చేసుకోవలసిన మార్పులు చివర ఉన్నాయి. ఇద్దరికీ పరస్పరం ఇష్టం ఉందని ఇప్పటికే తెలిసినవారి కోసమే ఇది. ఎదుటివారి మనసు ఇంకా తెలియకపోతే వేళ గురించి ఆలోచించే ముందు, వారికి సెలవు ఉన్న రోజున మర్యాదగా అడిగి తెలుసుకోండి.

కావలసినవి

- వారి డ్యూటీ చార్టు ఫోటో. నైట్‌లు ఏ తేదీన మొదలవుతాయో, నైట్ ఆఫ్‌లు ఏ రోజులో అందులో ఉంటుంది. ఇది వారు ఇష్టంగా ఇవ్వాలి, వారి స్నేహితురాళ్ళను అడిగి సంపాదించకూడదు.
- వారు నిద్రపోయే వేళ, లేచే వేళ. వీటిని మీరు ఊహించవద్దు, వారినే అడగండి.
- శబ్దం రాకుండా పంపగలిగే యాప్. టెలిగ్రామ్‌లో పంపే బాణం గుర్తును నొక్కి పట్టుకుంటే `Send Without Sound`, `Schedule Message` అనే రెండు ఎంపికలు కనిపిస్తాయి. వాట్సాప్ మాత్రమే వాడేవారైతే మీ ఫోన్‌లో అలారం పెట్టుకుని, ఆ వేళకు చేతితో పంపుకోవాలి.
- అత్యవసరానికి ఒక ఒప్పందం. "నిజంగా అవసరమైతే వెంటవెంటనే రెండుసార్లు ఫోన్ చేస్తాను, మెసేజ్ అంటే తొందర లేదని అర్థం" అని ముందుగానే అనుకోండి. డిస్టర్బ్ చేయవద్దు అనే సెట్టింగ్‌లో, ఒకే నంబరు నుంచి పదిహేను నిమిషాలలోపు వచ్చే రెండో కాల్‌ను మోగనిచ్చే ఏర్పాటు చాలా ఫోన్‌లలో ఉంటుంది. దాన్ని వారి ఫోన్‌లో ఆన్ చేయించండి. ఈ ఒప్పందం కుదిరితే, మీ మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ఏమైందోనన్న గాబరా వారికి ఉండదు.

1. వారి ఇరవై నాలుగు గంటలను ఒక కాగితం మీద రాయండి

మీకు ఖాళీ దొరికే వేళలన్నీ వారికి కుదరని వేళలే అవుతాయి. ఇది కాగితం మీద చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు.

ఐసీయూ నర్సు రాత్రి ఏడున్నరకు ఆసుపత్రికి చేరి, ఎనిమిదికి పగటి నర్సు దగ్గర హ్యాండోవర్ తీసుకుంటుంది. తొమ్మిది నుంచి పదకొండు వరకు రాత్రి మందులు, ఇంజెక్షన్లు ఉంటాయి. గంట గంటకూ బీపీ, పల్స్ రాయాలి, కదలలేని పేషెంటును రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. రెండు నుంచి నాలుగు మధ్య వార్డు కొంచెం సద్దుమణుగుతుంది, కానీ ఒంటికి నిద్ర ముంచుకొచ్చేదీ అప్పుడే. అయిదు దాటాక రక్తం శాంపిళ్ళు, పేషెంట్లకు ఒళ్ళు తుడవడం, దుప్పట్లు మార్చడం, ఆరు గంటల యాంటీబయాటిక్‌లు వరుసగా వస్తాయి. ఆరున్నర నుంచి ఎనిమిది వరకు రాత్రంతా పేషెంటుకు ఎంత ద్రవం లోపలికి వెళ్ళింది, ఎంత బయటికి వచ్చింది అనే లెక్క కూడి, రిపోర్టు రాసి, మళ్ళీ హ్యాండోవర్ ఇవ్వాలి. ఎనిమిదిన్నరకు బయటపడితే, తొమ్మిదికి ఇల్లో హాస్టలో చేరి, స్నానం, టిఫిన్ ముగించి పదింటికి పడుకుంటుంది. నాలుగున్నర, అయిదు మధ్య లేస్తుంది.

ఇప్పుడు మీ వేళలను ఈ కాగితం పక్కన పెట్టండి. మీరు నిద్ర లేచి గుడ్ మార్నింగ్ పెట్టే ఏడు గంటలకు ఆమె ఆ లెక్కలు కూడుతూ ఉంటుంది. ఒంటి గంటకు మీరు క్యారేజీ విప్పి "తిన్నావా" అని అడిగే వేళ ఆమెకు అర్ధరాత్రితో సమానం. రాత్రి పదిన్నరకు మీరు మంచం మీద వాలి సరసానికి దిగేసరికి ఆమె చేతిలో సిరంజి ఉంటుంది.

2. రోజుకు రెండు వేళలే ఎంచుకోండి

మొదటిది సాయంత్రం, లేచిన అరగంట తరువాత నుంచి బయలుదేరే లోపు, అంటే ఇంచుమించు అయిదున్నర నుంచి ఆరూముప్పావు వరకు. కొంటెతనానికి అసలైన వేళ ఇదే. లేచిన వెంటనే పంపవద్దని ఎందుకంటున్నానంటే, పగటి నిద్ర నుంచి లేచాక ఇరవై, ముప్పై నిమిషాలు తల దిమ్ముగా ఉంటుంది, ఎంత ముద్దు మాటైనా అప్పుడు రుచించదు. కాఫీ తాగి, జడ వేసుకుంటూ ఉండే వేళకు అందేలా చూడండి. ఇది వారికి తెల్లవారు వేళ కాబట్టి మాట కూడా దానికి తగినట్టే ఉండాలి. మా ఆయన ఒక సాయంత్రం పంపిన మెసేజ్ నాకిప్పటికీ గుర్తుంది: "మీరు లేచారని తెలిసి సూర్యుడు డ్యూటీ దిగిపోతున్నాడు. ఇద్దరూ ఒకేసారి వెలిగితే గుంటూరు తట్టుకోలేదని అతనికీ తెలుసు." నా వేళను గుర్తుపెట్టుకుని, దానిలోంచే కొంటె మాట తీశారు కాబట్టే అది నాకు నచ్చింది. ఈ వేళలో పంపే మెసేజ్‌లో ప్రశ్న ఉండవచ్చు, ఎందుకంటే జవాబు ఇచ్చే ఓపిక వారికి ఉంటుంది.

రెండోది ఉదయం, ఇంటికి చేరిన తరువాత, తొమ్మిదింటి నుంచి తొమ్మిదిన్నర వరకు. ఎనిమిదిన్నరకే పంపకూడదు. రాత్రంతా మేలుకున్న మనిషి స్కూటీ మీద వస్తూ ఉంటే, జేబులో ఫోన్ మోగడం ప్రమాదానికి దారి తీస్తుంది. "చేరాను" అని వారే మొదట ఒక మాట పెట్టే అలవాటు చేసుకుంటే ఈ చిక్కే ఉండదు, మీరు దానికి జవాబుగా పంపవచ్చు.

ఉదయపు మెసేజ్‌కు నేను గట్టిగా చెప్పే నియమం ఒకటి ఉంది. అది అక్కడితో ముగిసిపోయే మెసేజ్ కావాలి. అందులో ప్రశ్న ఉండకూడదు, "ఒక విషయం చెప్పాలి, సాయంత్రం చెప్తాలే" వంటి ఊరింపు అసలే ఉండకూడదు. ఆ విషయమేమిటో అని ఆలోచిస్తూ అటూ ఇటూ దొర్లితే గంట నిద్ర పోతుంది, పోయిన ఆ గంట పగటి వెలుతురులో మళ్ళీ దొరకదు. "కలలో రావడానికి నాకు ఆఫీసు సెలవు ఇవ్వలేదు, అయినా వస్తాను. జవాబు అక్కర్లేదు, పడుకోండి" అన్నది ముగిసిన మెసేజ్. "ఈ రోజు కలలో ఎవరు వస్తారో చెప్పు చూద్దాం" అన్నది ముగియని మెసేజ్. రెండింటిలోనూ సరసం ఉంది, కానీ రెండోది వారి మీద పని పెడుతుంది.

3. మొదటి వరుసలో సరసం పెట్టవద్దు

తాళం వేసి ఉన్న ఫోన్ తెర మీద కూడా మెసేజ్ మొదటి మాటలు కనిపిస్తాయి. నా విషయంలో ఒకసారి ఏం జరిగిందంటే, తెల్లవారుజామున ఫోన్‌ను నర్సింగ్ స్టేషన్‌లోని స్టీలు ట్రే పక్కన పెట్టి సీనియర్ సిస్టర్‌తో కలిసి మందుల లెక్క చూస్తున్నాను. ఫోన్ వైబ్రేషన్‌కు ట్రే గణగణలాడింది, తెర వెలిగింది, మా ఆయన రాసిన మొదటి వరుసను నాకంటే ముందు ఆవిడ చదివారు. ఆవిడ ఏమీ అనలేదు, కానీ తెల్లవారేవరకు నేను ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆ మెసేజ్‌లో తప్పు మాట ఏదీ లేదు, అది చేరిన చోటే తప్పు.

కాబట్టి మొదటి వరుసలో ఎవరు చూసినా ఇబ్బంది లేని మాట రాయండి: "చేరారా? టిఫిన్ అయిందా?" వంటిది. తరువాత రెండు వరుసలు ఖాళీ వదిలి, అసలు మాట కింద రాయండి. దీనికి ప్రత్యామ్నాయంగా, లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి మాటలు కనిపించకుండా వారి ఫోన్ సెట్టింగ్‌లలో మార్చుకోవచ్చు. హాస్టల్లో నలుగురు ఒక గదిలో ఉండేవారు, అత్తగారింట్లో ఉండేవారు రెండూ చేసుకోవడం మేలు.

4. డ్యూటీ వేళల్లో ఏమీ పంపవద్దు, ఒక్క మినహాయింపుతో

రెండింటికి వార్డు సద్దుమణుగుతుందని పైన రాశాను కదా అని అలారం పెట్టుకుని లేచి మెసేజ్ పెట్టేవారు ఉన్నారు. నాకు అది నచ్చదు. మూడు నుంచి అయిదు మధ్య మనిషి ఒళ్ళు నిద్రకు అత్యంత దగ్గరగా ఉంటుంది, పనిలో పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ, చేతిలో ఉన్నది ఇంకొకరి ప్రాణం. పైగా మీరు మేలుకున్నారని తెలిస్తే "పాపం నా కోసం లేచాడు" అని జవాబు ఇవ్వవలసి వస్తుంది.

"మూడింటికి టీ తాగేటప్పుడు నీ మెసేజ్ ఒకటి ఉంటే బాగుంటుంది" అని వారే అడిగితే అదే మినహాయింపు. అప్పుడు కూడా మీరు మేలుకోనవసరం లేదు. పదింటికే రాసి, `Schedule Message` తో మూడింటికి పెట్టండి. ఆ వేళ ఎంచుకునే చోట శబ్దం లేకుండా చేసే ఎంపిక కనిపిస్తే అదీ పెట్టండి. కనిపించకపోతే ఆ చాట్‌ను మ్యూట్ చేసుకోమని వారికి చెప్పండి. "ఇది పదింటికి రాసి పెట్టాను, నేను నిద్రలో ఉన్నాను" అని మెసేజ్‌లోనే రాయండి, లేకపోతే జవాబు కోసం ఎదురుచూస్తున్నారేమో అనుకుంటారు. వారానికి ఒకటి రెండు చాలు.

5. నైట్‌ల వరుసలో అది ఎన్నో రోజో చూసుకోండి

ఆరు నైట్‌ల వరుసలో అన్ని రోజులూ ఒకేలా ఉండవు. మొదటి నైట్ రోజున వారు మామూలుగానే తెల్లవారి లేచి, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు కాస్త కునుకు తీస్తారు. ఆ మధ్యాహ్నం ఇంట్లోనే ఉన్నారు కదా అని కబుర్లు మొదలుపెడితే ఆ కునుకు పోయి, మొదటి రాత్రి చాలా బరువుగా గడుస్తుంది. రెండో రోజు నుంచి పైన చెప్పిన రెండు వేళలూ సరిపోతాయి. నాలుగో రోజు దాటాక అలసట పేరుకుంటుంది, అప్పుడు మెసేజ్ చిన్నదైతే మంచిది.

చివరి నైట్ దిగిన ఉదయం చాలామంది పొరపాటు చేస్తారు. ఆ రోజు వారు మూడు నాలుగు గంటలు మాత్రమే పడుకుని, రాత్రి మామూలు వేళకు నిద్రపోవాలని చూస్తారు. చార్టులో ఆఫ్ అని రాసి ఉన్నా ఆ రోజంతా చిరాకుగానే ఉంటారు. బయటికి వెళ్దామని, గంటల తరబడి మాట్లాడుకుందామని రెండో ఆఫ్ రోజున అడగండి. ఎండాకాలంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. మే నెలలో విజయవాడలో కూలర్ వేసుకున్నా పగటి నిద్ర తెంపులు తెంపులుగానే పడుతుంది, మధ్యలో కరెంటు పోతే అదీ ఉండదు. ఆ నెలలో సాయంత్రపు మెసేజ్‌ను అరగంట ఆలస్యంగా పంపండి.

6. జవాబు రాకపోతే రెండోది పంపవద్దు

నీలం టిక్కులు పడి జవాబు రాలేదంటే, చదివే తీరిక దొరికింది కానీ రాసే తీరిక దొరకలేదని అర్థం. ప్రశ్న గుర్తు ఒక్కటే పంపడం, "ఆన్‌లైన్‌లో ఉన్నావుగా" అనడం, లాస్ట్ సీన్ చూసి "పన్నెండింటికి మేలుకునే ఉన్నావే" అని నిలదీయడం, ఇవన్నీ కాపలా కాసినట్టు ఉంటాయి. పగటి నిద్రలో మనిషి రెండు మూడు సార్లు లేచి ఫోన్‌లో టైం చూసుకోవడం మామూలే. ఆ క్షణంలో మీ మెసేజ్‌కు జవాబు ఇవ్వకపోవడమే వారి ఆరోగ్యానికి మంచిది. పడుకునే ముందు మీ చాట్‌ను ఎనిమిది గంటలు మ్యూట్ చేసుకోమని మీరే చెప్పండి. నేను ఆ మాట చెప్పడానికి మూడు నెలలు మొహమాటపడ్డాను, ఆయన బాధపడతారేమోనని. ఆయనే ముందు చెప్పి ఉంటే ఎంతో తేలికయ్యేది.

ఒక ఉదాహరణ

నిశ్చితార్థం అయిన ఒక అబ్బాయి విజయవాడ గవర్నర్‌పేటలో పది నుంచి ఆరు వరకు ఆఫీసులో పనిచేస్తాడు. అమ్మాయి గుంటూరులో ఐసీయూ నర్సు, బ్రాడీపేటలోని హాస్టల్లో ఉంటుంది. అతను ఏడింటికి, ఒంటిగంటకు, రాత్రి పదిన్నరకు మెసేజ్‌లు పంపేవాడు. "ఊఁ", "సరే", "తర్వాత" అనే జవాబులే వచ్చేవి, ఆమెకు తన మీద ఇష్టం తగ్గిందేమోనని అతని దిగులు.

ఇద్దరినీ కూర్చోబెట్టి కాగితం రాయించాను. హాస్టల్ మెస్‌లో టిఫిన్ తొమ్మిదిన్నరకు ముగుస్తుంది కాబట్టి ఆమె చేరగానే స్నానం కూడా మాని ముందు మెస్‌కు వెళ్తుందని అప్పుడు తెలిసింది. అందువల్ల ఉదయపు మెసేజ్‌ను తొమ్మిదీ నలభైకి జరిపాము. అతను అప్పటికి ఆఫీసు మెట్లు ఎక్కుతూ ఉంటాడు, ఒక్క మెసేజ్‌కు సమయం చాలు. సాయంత్రం అయిదున్నరకు అతనికి ఆఫీసులో పని ఒత్తిడి, కాబట్టి మధ్యాహ్నం టీ వేళకే రాసి అయిదూ నలభై అయిదుకు వెళ్ళేలా పెట్టుకున్నాడు. పదిన్నర మెసేజ్‌ను పూర్తిగా మానేశాడు. ఆ వేళకు ఏదైనా తోస్తే తన ఫోన్‌లోనే నోట్స్‌లో రాసుకుని, మరుసటి సాయంత్రం అందులోంచి ఒకటి ఎంచి పంపాడు. రాత్రి తోచిన వాటిలో సగం పగలు చదివితే పంపబుద్ధి కాలేదని అతనే చెప్పాడు.

మొదటి నాలుగు రోజులు పెద్ద తేడా కనిపించలేదు. అయిదో రోజు సాయంత్రం ఆమె బస్సులోంచి తానే ముందుగా పెట్టింది: "ఈ రోజు సూర్యుడికి సెలవు ఇవ్వలేదా?"

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో మూడు విషయాలు రాయండి: మీరు పంపిన వేళ, జవాబు వచ్చిన వేళ, జవాబులో వారు తమంతట తాముగా చెప్పిన కొత్త మాట ఏదైనా ఉందా. జవాబు ఎంత త్వరగా వచ్చిందన్నది ముఖ్యం కాదు. నిద్రమత్తులో కూడా "ఊఁ" అని వెంటనే పెట్టవచ్చు. ఆలస్యంగా వచ్చినా, వార్డులో జరిగిన సంగతో మీ మాటకు ఎదురు కొంటె మాటో దానిలో ఉంటే వేళ కుదిరినట్టే. వారే మొదట మెసేజ్ పెట్టిన రోజులు పెరుగుతున్నాయా అని కూడా చూడండి.

జవాబులు పొడిపొడిగానే ఉంటే వేళను ఒకేసారి అరగంట మాత్రమే జరిపి, మూడు రోజులు ఆగి చూడండి. రెండు వేళల్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. రెండో ఆఫ్ రోజున నేరుగా అడగండి. "నా మెసేజ్‌లు నచ్చుతున్నాయా" అని అడిగితే మొహమాటానికి అవునంటారు. "ఈ వారం నా మెసేజ్ వల్ల ఎప్పుడైనా నిద్ర చెడిందా?" అని అడిగితే నిజం చెబుతారు. వేళ మార్చినా, అడిగినా నెలపాటు ఒక్క మాటలోనే జవాబులు వస్తుంటే, అక్కడ సమస్య వేళలో లేదు. మెసేజ్‌లు ఆపి, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. వద్దంటే మానుకోండి.

ఇతర ఉద్యోగాలకు మార్పులు

అమెరికా కంపెనీలకు రాత్రి పనిచేసేవారికి విరామాలు నిర్ణీత వేళకు ఉంటాయి కాబట్టి విరామంలో ఒక మెసేజ్ ఫరవాలేదు, వారు ఒప్పుకుంటే. అయితే అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. దానితో ఇక్కడి షిఫ్ట్ కూడా ఆ తేదీల తరువాత గంట జరుగుతుంది, మీ కాగితాన్ని అప్పుడు మళ్ళీ రాయాలి.

విజయవాడ పెద్ద జంక్షన్ కావడంతో లోకో పైలట్ల ఇళ్ళ నుంచి కూడా ఈ ప్రశ్న వస్తుంది. వారికి డ్యూటీ రోజూ ఒకే వేళకు పడదు, బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోకూడదు, కాబట్టి గడియారం చూసి పంపే పద్ధతి వారికి కుదరదు. బండి దిగాక విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమ్‌కు చేరి "దిగాను" అని వారు పెట్టిన తరువాతే, ముగిసిపోయే మెసేజ్ ఒకటి పంపండి. మరుసటి డ్యూటీకి కాల్ వచ్చిందని చెప్పినప్పుడు, బయలుదేరే లోపు ఇంకొకటి పంపండి. ఆ రెండింటి మధ్య ఎన్ని గంటలు గడిచినా ఫోన్ పక్కన పెట్టేయండి.